సంక్రాంతి చీరల రీల్: పని వివరాలు

మేడమ్ గారూ, నమస్తే. అమలాపురం మా షాపు సంక్రాంతి చీరలకు మీరు చేయాల్సింది ఒక రీల్ (45 సెకన్లు), రెండు స్టోరీలు. ఫీజు 25,000, సగం ముందే పంపుతాం. చీరలు వాపసు ఇవ్వక్కర్లేదు, కానీ అవి కూడా పారితోషికం కిందే లెక్క.

బండారులంక మగ్గం దగ్గర తీస్తే బాగుంటుంది. చీర తిరగేసి అంచు దగ్గరగా చూపించండి. కొనేవాళ్లు ముందు చూసేది అదే. కొబ్బరితోట, పడవ షాట్లు అందరూ తీసేశారు, వద్దు. పవర్‌లూమ్ చీరలు కూడా పెట్టెలో ఉన్నాయి, వాటిని చేనేత అనకండి. "ఇంత తక్కువ ధర ఎక్కడా లేదు" లాంటి మాటలూ వద్దు. మీకు నచ్చని చీర చూపించకపోయినా మాకేం ఇబ్బంది లేదు.

ఇక డబ్బు తీసుకున్న సంగతి దాచకూడదు, ఇందులో బేరం లేదు. Paid partnership లేబుల్ ఆన్ చేయాలి. రీల్ మొదట్లోనే "ఇది పెయిడ్ ప్రమోషన్, షాపువాళ్లు డబ్బు, చీరలు ఇచ్చారు" అని నోటితో చెప్పాలి, తెర మీద తెలుగులో పెద్ద అక్షరాలతో కనపడాలి. క్యాప్షన్ మొదటి లైన్ "ప్రకటన". హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేస్తే ఒప్పుకోం. రెండు స్టోరీల్లోనూ ఇదే పద్ధతి. 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే అడుగుతున్నాయి.

డ్రాఫ్ట్ జనవరి 3కి వాట్సాప్ చేయండి, పోస్ట్ 5 సాయంత్రం. కామెంట్లలో ఎవరైనా "డబ్బులిచ్చారా?" అంటే అవుననే చెప్పండి.