6, 7, 8 తరగతుల పిల్లలకు: మన బడిలో ఎలా ఉందాం, తప్పు జరిగితే ఏం జరుగుతుంది

ఇది ఉప్పల్‌లోని మన బడి 6, 7, 8 తరగతుల పిల్లల కోసం రాసింది. అమ్మానాన్నలు కూడా చదవాలి, కానీ ముందు మీరు చదవండి. ఎక్కడైనా అర్థం కాకపోతే మీ క్లాస్ టీచర్‌ని అడగండి. అర్థం కాని రూల్ పేరు చెప్పి ఎవరినీ తప్పుపట్టకూడదన్నది మా మాట.

రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్తాం కదా. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో తెలుగులో రాసిన ఆ ప్రతిజ్ఞలో ప్రతి ఒక్కరితో మర్యాదగా నడుచుకుంటామని ఒక మాట ఉంది. ఆ మాట క్లాసులో, లంచ్ లైన్‌లో, బాత్రూం దగ్గర, బస్టాప్‌లో ఎలా ఉంటుందో విడమరిచి చెప్పడమే ఈ కాగితం పని.

మనం ఎలా ఉంటాం

మొదటి బెల్లుకి లోపల ఉంటాం. ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మాకూ తెలుసు, బస్సు రాకపోతే అది మీ తప్పు కాదు. లేటైతే నేరుగా క్లాసుకే రండి, గేటు దగ్గర ఆపేయడం, ఎండలో నిలబెట్టడం ఉండదు. తరచూ లేటవుతుంటే మాత్రం టీచర్ కారణం అడుగుతారు. చెల్లెల్ని అంగన్‌వాడీలో దింపి వస్తున్నారా, ఇంట్లో నీళ్ల ట్యాంకర్ కోసం ఆగాల్సి వస్తుందా, ఏదైనా సరే ఉన్నది చెప్పండి, ఏం చేయాలో కలిసి చూద్దాం.

ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం. తప్పు జవాబు చెప్పినవాళ్లని చూసి నవ్వం. ఒక్కసారి నవ్వితే ఆ పిల్ల మళ్లీ నెల రోజులు చెయ్యెత్తదు, అందుకే ఈ ఒక్క విషయంలో మేం చాలా పట్టుదలగా ఉంటాం.

మన బడిలో తెలుగు ఒక్కటే కాదు, ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలున్నారు. ఒకరి యాస ఇంకొకరికి కొత్తగా ఉంటుంది. యాసని, రంగుని, లావుని, కులాన్ని, మతాన్ని, టిఫిన్ బాక్సులో ఉన్న కూరని, వాళ్ల నాన్న చేసే పనిని పట్టుకుని పేర్లు పెట్టడం ఇక్కడ చెల్లదు. "సరదాకే అన్నా టీచర్" అంటే ఒప్పుకోం. సరదా అయితే ఇద్దరూ నవ్వాలి.

ఫోన్ ఇంట్లో పెట్టి రండి. దూరం నుంచి వస్తూ తప్పదనుకుంటే ఉదయం ఆఫీసులో ఇచ్చి సాయంత్రం తీసుకోండి. అడగకుండా ఎవరి ఫోటో తీయకూడదు, తీసినా గ్రూపుల్లో పెట్టకూడదు. రాత్రి ఇంట్లో కూర్చుని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ వల్ల తెల్లారి ఒకరు బడికి రావడానికి భయపడితే, అది బడి విషయమే.

బెంచీలు, ఫ్యాన్లు, కుళాయిలు మనందరివీ. అన్నం పెట్టించుకున్నంత తినండి, చాలకపోతే మళ్లీ అడగండి, సిగ్గుపడకండి.

తప్పు జరిగితే

తప్పులు జరుగుతాయి. పన్నెండేళ్ల వయసులో కోపం ముందొచ్చి ఆలోచన తర్వాత వస్తుంది, ఆ ఆలోచన కాస్త ముందుకు జరిగేలా నేర్పడం బడి పని. అయితే తప్పు వల్ల ఎదుటివాళ్లకి నిజంగా నష్టం జరిగింది కాబట్టి ఊరికే వదిలేయం కూడా.

ఒక ఉదాహరణ చూద్దాం. లంచ్ లైన్‌లో ఏడో తరగతి అబ్బాయి ముందున్న ఆరో తరగతి అబ్బాయిని తోశాడు. ప్లేటు ఒలికి సాంబారు చొక్కా మీద పడింది. ముందు సాంబారు పడినవాడి సంగతి చూస్తాం: కాలిందా, కడుక్కున్నాడా, మళ్లీ అన్నం పెట్టారా. తర్వాత ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఏం జరిగిందో అడుగుతాం, చూసినవాళ్లని కూడా అడుగుతాం. వెనక నుంచి ఇంకెవరో నెడితే వీడు ముందుకు పడ్డాడని తేలితే అది వీడి తప్పు కాదు, ఆ మాట అందరి ముందూ చెప్తాం. కావాలనే తోస్తే, ఆ చొక్కా ఉతికి తేవడమో, వారం రోజులు లైన్ దగ్గర చిన్నపిల్లలకి ప్లేట్లు అందించడమో, ఏం చేస్తే లెక్క సరిపోతుందో ఇద్దరినీ అడిగి టీచర్ నిర్ణయిస్తారు. సారీ చెప్పమని బలవంతం పెట్టం. మనసులో లేని సారీ ఎవరికీ పనికిరాదు.

మామూలు తప్పులన్నిటికీ వరస ఇదే. మొదటిసారి టీచర్ మిమ్మల్ని పక్కకి పిలిచి మాట్లాడతారు. అదే తప్పు మళ్లీ చేస్తే, పాడైంది మీరే బాగు చేయాలి: గోడ మీద రాస్తే తుడవాలి, పుస్తకం చింపితే అతికించాలి. మూడోసారికి అమ్మనో నాన్ననో రమ్మంటాం, మీరు కూడా ఆ మాటల్లో కూర్చుంటారు, మీ వెనక మీ గురించి మాట్లాడుకోవడం ఉండదు. కూలి పోతుందంటే సాయంత్రం రమ్మంటాం, లేదా ఫోన్‌లో మాట్లాడతాం.

కొన్నిటికి ఈ వరస వర్తించదు. గాయమయ్యేలా కొట్టడం, కత్తి, బ్లేడు లాంటివి తేవడం, సిగరెట్, గుట్కా, ఒకరిని రోజుల తరబడి ఏడిపించడం, ఒప్పుకోకపోయినా ముట్టుకోవడం, అసభ్యమైన ఫోటోలు పంపడం. వీటికి అదే రోజు హెడ్‌మాస్టర్ గారు, ఇంటివాళ్లు కూర్చుంటారు. దెబ్బ తిన్నవాళ్లని అదే గదిలో ఎదురుగా కూర్చోబెట్టం. చట్టప్రకారం పోలీసులకి చెప్పాల్సినవి ఉంటే చెప్తాం, దాచం.

పెద్దవాళ్లం మేం చేయనివి

కొట్టం. గోడకుర్చీ వేయించం, గుంజీళ్లు తీయించం, చెవి మెలేయం, అందరి ముందు తిట్టం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని కూడా అదే చట్టం చెప్తోంది, కాబట్టి "టీసీ ఇచ్చి పంపిస్తా" అని మిమ్మల్ని ఎవరూ బెదిరించకూడదు.

ఒకరు చేసిన తప్పుకి క్లాసంతటినీ శిక్షించం. అన్నం, నీళ్లు, బాత్రూం, ఆటల పీరియడ్ శిక్షగా ఆపం. ప్రవర్తనకి మార్కులు కోయం. టీచర్ కొడుకైనా, ఫస్ట్ ర్యాంకు పిల్లైనా, నిన్న చేరినవాడైనా ఒకే తప్పుకి ఒకే పద్ధతి. వినపడక, చూపు ఆనక, లేదా ఒకచోట కూర్చోలేక ఇబ్బంది పడే పిల్లల విషయంలో మాత్రం వాళ్లకి ఏం సాయం కావాలో ముందు చూస్తాం. అది పక్షపాతం కాదు.

జరిగిన తప్పులు రాసుకునే నోట్‌బుక్ క్లాస్ టీచర్ దగ్గరే ఉంటుంది. వచ్చే జూన్‌లో కొత్త నోట్‌బుక్ మొదలవుతుంది, పాత సంగతులు కొత్త టీచర్‌కి చాడీల్లా చేరవు.

అన్యాయం జరిగిందనిపిస్తే

"నా మాట వినలేదు" అనిపిస్తే క్లాస్ టీచర్‌కి చెప్పండి. ఫిర్యాదు ఆ టీచర్ మీదే అయితే హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి రండి, ఫ్రెండ్‌ని తోడు తెచ్చుకోవచ్చు, ఉర్దూలోనో హిందీలోనో రాసి ఇచ్చినా సరే. మూడు పనిరోజుల్లో జవాబు చెప్తాం. ఫిర్యాదు చేసినందుకు ఎవరైనా మీ మీద కక్ష కడితే అది కూడా పెద్ద తప్పుల్లోకే వస్తుంది, చేసింది టీచరైనా సరే. బడిలో గానీ ఇంట్లో గానీ ఎవరికీ చెప్పుకోలేనిది ఏదైనా ఉంటే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

తోటివాళ్లని ఏడిపిస్తుంటే చూసి టీచర్‌కి చెప్పడం చాడీ కాదు. చెప్పింది ఎవరో మేం బయటపెట్టం.

ఈ కాగితాన్ని ఈ వారం ప్రతి క్లాసులో గట్టిగా చదివి, మీకు సరికాదనిపించినవి రాసుకుంటాం. ప్రతి సెక్షన్ నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి శనివారం హెడ్‌మాస్టర్ గారి గదిలో కూర్చుని ఆ మార్పులు చెప్తారు. ఒప్పుకున్నవి చేర్చి, ఒప్పుకోనివి ఎందుకు ఒప్పుకోలేదో కారణంతో సహా నోటీసు బోర్డు మీద పెడతాం. ఆ తర్వాతే మీరు, మీ ఇంటివాళ్లు, మీ టీచర్లు ముగ్గురూ కింద సంతకం పెట్టాలి.