48 అంకెలు

రాత్రి పదిన్నరకి ఆరో చాప్టర్‌లో ఒక పట్టిక సరిచేస్తుంటే శ్రీకాంత్ లాప్‌టాప్ టప్పున ఆరిపోయింది. కరెంటు పోలేదు. బ్రాడీపేటలో ఆ లైనంతా వెలుగుతూనే ఉంది.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో చలి, తేమ కొలిచి ఫోన్‌కి పంపే పరికరం అతని ఫైనలియర్ ప్రాజెక్టు. పరికరం పెట్టెలో భద్రంగా ఉంది. రిపోర్టు మాత్రం ఆ లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. పొద్దున పదింటికల్లా బైండింగ్ చేయించి కాలేజీలో ఇవ్వాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఫిబ్రవరి నాటి కాపీ. అందులో సగం గైడ్ కొట్టేసినదే.

ఫోన్ చేసిన అరగంటకి పాత గుంటూరు నుంచి రఫీ వచ్చాడు. వాళ్ల నాన్నది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. సామాను పట్టుకొచ్చి కంగారుపడే జనాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడేమో, ఎవరి కంగారూ వాడికి అంటదు.

"ఎన్నిసార్లు నొక్కావు బటను?"

"లెక్కేముంది రా, నొక్కుతూనే ఉన్నా."

"ఇక నొక్కకు. అన్నం తిన్నావా?"

"రేయ్, నా ప్రాణం పోతుంటే..."

"తినలేదన్నమాట. తినేసి రా."

శ్రీకాంత్ కదల్లేదు. రఫీ ఛార్జర్ పీకి ఇంకో ప్లగ్గులో పెట్టి చూశాడు. లైటు వెలిగింది, ఛార్జర్ మంచిదే. మళ్లీ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, ఛార్జర్ పెట్టి ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ఫోన్ టార్చి వేసి స్క్రీన్‌ని పక్కనుంచి చూశాడు, ఒకవేళ వెనక లైటు ఒక్కటే పోయి బొమ్మ మసగ్గా కనిపిస్తుందేమోనని. ఏమీ లేదు. రూమ్మేట్ మానిటర్‌కి వైరు కలిపినా అంతే.

జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. అడుగు మూత ఊడదీసి ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాడు. ర్యామ్ బయటికి తీసి, దాని పసుపు పళ్లని రబ్బరుతో మెల్లగా తుడిచి, మళ్లీ బిగించాడు. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.

"బోర్డు పోయినట్టుంది" అన్నాడు రఫీ.

శ్రీకాంత్ మంచం మీద కూలబడ్డాడు.

"బోర్డు సంగతి రేపు చూద్దాం. మనకి ఇప్పుడు కావలసింది ఫైలు కదా."

ఎస్ఎస్‌డీ విప్పి, తను తెచ్చిన డబ్బీలో పెట్టి, తన లాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపాడు. డ్రైవ్ కనిపించింది, బొమ్మ మీద తాళంతో సహా. నొక్కితే 48 అంకెల రికవరీ కీ అడిగింది.

"నేనేం తాళం వెయ్యలేదురా!"

"కొత్తది కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు అదే వేసుకుంటుంది. మామూలప్పుడు బోర్డులో చిప్పే తాళం తీస్తుంది, మనకి తెలీదు. ఇప్పుడా బోర్డే లేదు. కీ కాపీ అకౌంట్‌లో ఉండాలి. నీ మెయిలేంటి?"

శ్రీకాంత్ నోరు తెరిచి మూశాడు. "బావ సెట్ చేశాడు. ఆయన మెయిలే."

అర్ధరాత్రి దాటాక తెనాలికి ఫోన్ చేస్తే ముందు ఎత్తింది అక్క. "ఏమైందిరా? ఎక్కడున్నావు? దెబ్బలేం తగల్లేదుగా?" అని ఏడుపు మొదలుపెట్టింది. రఫీ ఫోన్ తీసుకున్నాడు. "అక్కా, నేను రఫీని. వాడు బాగున్నాడు, అన్నం తినలేదంతే. బావగారికి ఒక్కసారి ఇస్తారా?"

బావకి పాస్‌వర్డ్ గుర్తులేదు. ఫోన్‌కి వచ్చిన కోడ్ చదవమంటే కళ్లజోడు దొరకలేదు. దొరికేసరికి కోడ్ టైమ్ అయిపోయింది. రఫీ ఇంకో కోడ్ తెప్పించి, aka.ms/myrecoverykey తెరిచాడు. అక్కడ రెండు కీలు ఉన్నాయి.

"రెండోది ఎవరిది?"

"నా ఆఫీసు పనికి వాడేది కూడా దాంతోనే..." అన్నాడు బావ ఆవులిస్తూ.

స్క్రీన్ మీది కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలతో సరిచూస్తే పైనున్నది సరిపోయింది. శ్రీకాంత్ ఆరేసి అంకెల చొప్పున చదివాడు, రఫీ కొట్టాడు. నాలుగో గుంపు దగ్గర శ్రీకాంత్ గొంతు వణికితే, "మళ్లీ చెప్పు, తొందరేం లేదు" అన్నాడు.

తాళం తెరుచుకుంది. రిపోర్టు ఉంది, పదిన్నరకి సరిచేస్తున్న పట్టిక తప్ప. ఏదీ తెరవకముందే రఫీ ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, శ్రీకాంత్ మెయిల్‌కి ఒకటి పంపాడు. అప్పుడు లాప్‌టాప్ వాడివైపు తిప్పి, "పట్టిక చేసుకో. నేను పడుకుంటా" అని చాప పరుచుకున్నాడు.

తెల్లవారి ఆరింటికి బావ ఫోన్. శ్రీకాంత్ థాంక్స్ చెప్పబోతుంటే ఆయన వినిపించుకోలేదు.

"ఆ అబ్బాయి ఉన్నాడా? నా దానికీ ఈ తాళం ఉందన్నమాట. రాత్రంతా నిద్ర లేదు. ఆ అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెడితే సరిపోతుందా, కనుక్కో."

చాప మీంచి కళ్లు తెరవకుండానే రఫీ అన్నాడు: "సరిపోతుందని చెప్పు. ఐడీ కూడా రాసుకోమను."