జాబ్ మేళాలో మూడు నిమిషాల స్వీయ పరిచయం

నమస్తే సర్, నమస్తే మేడమ్. నా పేరు స్రవంతి. ఈ ఏడాదే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేశాను. మీ దగ్గరున్న జూనియర్ డేటాబేస్ డెవలపర్ ఉద్యోగం కోసం వచ్చాను.

మార్కులు రెజ్యుమేలో ఉన్నాయి, అందుకే నేను చేసిన ఒక పని గురించి చెప్తాను. ఫైనల్ ఇయర్‌లో నలుగురం కలిసి కాలేజీ లైబ్రరీకి పుస్తకాలు వెతికే అప్లికేషన్ తయారుచేశాం. డేటాబేస్ భాగం నాది. 200 పుస్తకాలతో పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసింది. డెమోకి రెండు రోజుల ముందు అసలు డేటా ఎక్కించాం: 40 వేల పుస్తకాలు, రెండు లక్షల ఇష్యూ రికార్డులు. ఒక్కసారి వెతకడానికి 9 సెకన్లు పట్టింది! నిజం చెప్పాలంటే చాలా టెన్షన్ పడ్డాను.

ముందు సర్వర్‌ని తప్పుపట్టాను. తర్వాత EXPLAIN నడిపి చూస్తే తప్పు నాదేనని తెలిసింది. రెండు టేబుళ్లను కలిపే కాలమ్‌కి ఇండెక్స్ లేదు, ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతోంది. ఇండెక్స్ పెట్టాక అర సెకను కూడా పట్టలేదు. అప్పటినుంచి ఏ క్వెరీ రాసినా అసలు సైజు డేటా మీదే పరీక్షిస్తున్నాను.

ఎస్‌క్యూఎల్, పైథాన్ బాగా వచ్చు. క్లౌడ్ మీద ఇంకా పనిచేయలేదు, ఈ మధ్యే నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా టీమ్‌లో డాక్యుమెంటేషన్ కూడా నేనే రాశాను, ఎవరూ ముందుకు రాలేదు మరి!

ఇదిగోండి నా రెజ్యుమే. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి మూడు నెలలు ఎలాంటి పని ఇస్తారో తెలుసుకోవచ్చా?