మార్కెట్ వీధి దుకాణదారులకు జీఎస్టీ, ఆదాయపు పన్ను సేవల గురించి మా ఆఫీసు నుంచి ఉత్తరం

మార్చి 2, 2026

దుకాణదారులందరికీ నమస్కారం.

ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు చిన్న షాపుల వాళ్లు చూసుకోవాల్సిన పన్ను విషయాలు రాసి ఇవ్వమని మీ వర్తక సంఘం వాళ్లు అడిగారు. ఈ ఉత్తరం అందుకే. ప్రకటనలు ఇచ్చి క్లయింట్లను పిలుచుకోవడానికి మా వృత్తి నిబంధనలు ఒప్పుకోవు, అలా పిలిచే ఉద్దేశం కూడా మాకు లేదు. మీకు ఇప్పటికే నమ్మకమైన ఆడిటర్ గారు ఉంటే ఇది చదివి వారితోనే మాట్లాడండి.

ముందుగా ఒక పని చేయండి. ఫోన్‌లో www.gst.gov.in తెరిచి, Search Taxpayer లో మీ జీఎస్టీ నంబర్ కొట్టండి. లాగిన్ అక్కర్లేదు. కింద SHOW FILING TABLE నొక్కితే మీ పేరు మీద ఏ రిటర్న్ ఏ తేదీన దాఖలైందో కనిపిస్తుంది. "నెలనెలా డబ్బులు ఇస్తున్నాం, అంతా అయిపోతోంది" అనుకునేవాళ్లు ఈ ఒక్కసారైనా కళ్లారా చూసుకోవాలి.

తర్వాతది ఇంకా ముఖ్యం. పోర్టల్‌లో మీ రిజిస్ట్రేషన్ మీద ఉన్న మొబైల్ నంబర్, ఈమెయిల్ ఎవరివి? చాలా షాపులకు అవి రిజిస్ట్రేషన్ చేయించిన మనిషివే ఉంటాయి. ఆయన పని మానేసినా, ఊరు మారినా డిపార్ట్‌మెంట్ పంపే మెసేజ్‌లు ఆయనకే వెళ్తాయి. ఇప్పుడు నోటీసులు పోస్ట్‌మ్యాన్ తేనక్కర్లేదు. పోర్టల్‌లో View Additional Notices/Orders అనే చోట పెడితే ఇచ్చినట్టే లెక్క వేస్తారు. జవాబు రాకపోతే ఆర్డర్ వేస్తారు. దాని మీద అప్పీలుకు మూడు నెలలే గడువు, తగిన కారణం చూపితే ఇంకో నెల. అదీ దాటాక బ్యాంకు ఖాతా ఆపేస్తే, సరుకుకు ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చినప్పుడు గానీ యజమానికి సంగతి తెలియదు. పన్ను ఎగ్గొట్టాలనే ఆలోచనే లేని మనిషికి ఇలా జరగడం మాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే మా దగ్గరకు ఎవరు వచ్చినా మొదటి రోజే మొబైల్, ఈమెయిల్ యజమాని పేరుకు మారుస్తాం. పాస్‌వర్డ్ ఒక కాపీ మీ దగ్గరే ఉంటుంది.

ఇక రిజిస్ట్రేషనే లేనివారి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే, కాబట్టి అక్కడి బంధువులు చెప్పే లెక్కతో కంగారు పడకండి. విడి బియ్యం, కూరగాయలు, పాలు లాంటి పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మితే టర్నోవర్ ఎంతున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే షాపులో సబ్బులు, బిస్కెట్లు కూడా ఉంటే మాత్రం పన్ను లేని సరుకు అమ్మకం కూడా ఆ 40 లక్షల్లో కలుస్తుంది. కిరాణా వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్ల లెక్క చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చారు. పాలు, కూరగాయలు అమ్ముకునేవాళ్లకు కూడా అవి వెళ్లాయి. అప్పటి నుంచి కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ తీసేయాలా అని మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. తీసేయకండి. టెన్షన్ అంతా ఒకే ఖాతాలో అమ్మకం డబ్బు, బావమరిది ఇచ్చిన చేబదులు, చీటీ పాట డబ్బు కలిసిపోవడం వల్ల వస్తుంది. షాపు స్కానర్‌కు విడిగా ఒక ఖాతా పెట్టండి. ఏది అమ్మకమో, ఏది కాదో అప్పుడు ఆ స్టేట్‌మెంటే చెబుతుంది.

పైగా డిజిటల్ వసూళ్లతో ఆదాయపు పన్నులో లాభం ఉంది. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే పూర్తి పద్దులు రాయకుండా అంచనా లాభం చూపించే పద్ధతి ఉంది: బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతం, నగదు మీద 8 శాతం. 90 లక్షల అమ్మకంలో 60 లక్షలు స్కానర్ మీద, 30 లక్షలు గల్లాపెట్టెలోకి వస్తే లాభం 6 లక్షలు చూపాలి. మొత్తం నగదైతే 7 లక్షల 20 వేలు. లాభం నిజంగా ఇంతకన్నా ఎక్కువుంటే ఆ ఎక్కువే చూపాలి. ఆదాయపు పన్ను కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల వరకు ఇలాంటి వ్యాపార ఆదాయంపై పన్ను పడదు. కానీ 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. ఈ అంచనా పద్ధతిలో పన్ను పడేవారు, అది 10 వేలు లేదా అంతకుమించి ఉంటే, ముందస్తు పన్ను మొత్తం మార్చి 15 లోపు కట్టాలి. ఈసారి ఆ తేదీ ఆదివారం, శుక్రవారమే కట్టేయడం మంచిది.

ఈ నెల 31తో ముగిసే అవకాశం ఇంకొకటి, జీఎస్టీలో కాంపోజిషన్ స్కీమ్. టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్న దుకాణదారు అమ్మకం మీద 1 శాతం కడితే సరిపోతుంది. మూడు నెలలకోసారి చలాన్, ఏడాదికి ఒక రిటర్న్. వినడానికి హాయిగా ఉంటుంది గానీ అందరికీ కుదరదు. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను క్రెడిట్‌గా తిరిగి రాదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. ఇందులోకి మారితే నిల్వ సరుకు మీద ఇప్పటికే తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఎక్కువగా ఇళ్లవాళ్లకు అమ్మే కిరాణా, ఫ్యాన్సీ షాపులకు తరచూ నప్పుతుంది. కాంట్రాక్టర్లకు, ఇతర షాపులకు అమ్మే హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ వాళ్లు మారితే, బిల్లు మీద క్రెడిట్ రాదని ఆ గిరాకీ పక్క షాపుకు పోవచ్చు. మీ కొనుగోలు, అమ్మకం కాగితాలు చూడకుండా మేం ఎవరికీ దీన్ని సిఫారసు చేయం.

కాంపోజిషన్‌లోకి వెళ్లకుండా రెగ్యులర్‌గా ఉన్నవారు హోల్‌సేలర్ బిల్లు చేతికి రాగానే క్రెడిట్ వచ్చేసింది అనుకోవద్దు. ఆయన తన రిటర్న్‌లో చూపించి, అది పోర్టల్‌లో మీ కొనుగోళ్ల క్రెడిట్ చూపే పట్టిక GSTR-2Bలో కనిపించాలి. ప్రతి రిటర్న్‌కు ముందు మేం ఈ రెండూ సరిచూసి, రాని బిల్లుల జాబితా మీకు వాట్సాప్‌లో పంపుతాం. ఆ డీలర్‌కు తర్వాతి పేమెంట్ ఇచ్చేలోపే అడగాలి. ఇచ్చేశాక అడిగితే పని జరగడం కష్టం.

వ్యాపారం లేని నెలల్లోనూ నిల్ రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే నిల్‌కు రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉంటే 50, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆలస్య రుసుముకు పైపరిమితి ఉంది గానీ వరుసగా వేయకపోతే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

మా దగ్గర పని ఇస్తే రిటర్న్‌లు, నోటీసులకు జవాబులు, ఆదాయపు పన్ను మూడూ చూస్తాం. దాఖలు చేసిన ప్రతిసారీ రసీదు అదే రోజు మీ ఫోన్‌కు వస్తుంది. పన్ను డబ్బు మా చేతికి ఇవ్వొద్దు, చలాన్ మీ ఖాతా నుంచే కట్టండి. ఫీజు మీ బిల్లుల సంఖ్య చూశాక మాట్లాడుకుని, కాగితం మీద రాసి ఇస్తాం.

మార్చి 7 శనివారం సాయంత్రం 4 నుంచి 8 వరకు సంఘం ఆఫీసు మేడ మీద కూర్చుంటాం. ఆ రోజు సలహాకు రుసుము లేదు. ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా బ్యాంకు స్టేట్‌మెంట్, కొనుగోలు బిల్లులు, వచ్చిన నోటీసు ఏదైనా ఉంటే అదీ తీసుకురండి. షాపు వదిలి రాలేనివారు సంఘం గుమస్తా దగ్గర పేరు రాయిస్తే, 14న మేమే మీ షాపుకు వస్తాం.

ఇట్లు,
చార్టర్డ్ అకౌంటెంట్లు,
మార్కెట్ రోడ్డు ఆఫీసు