రెండు పాచికల మొత్తం ఏడు: ముప్పై ఆరు జతలూ రాసి చేసిన లెక్క

పెరంబూరు ఆదివారం లెక్కల తరగతి, పదో తరగతి పిల్లలకు. సంభావ్యత, మూడో లెక్క, పూర్తి సాధన.

లెక్క

ఇంట్లో దాయకట్టెలు కనిపించలేదని అక్కా తమ్ముడూ లూడో పెట్టెలోంచి రెండు పాచికలు తీశారు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. తమ్ముడు పందెం పెట్టాడు: "అక్కా, రెండూ కలిపి ఏడు పడితే పాయింటు నీకు, ఎనిమిది పడితే నాకు. ఏడుకి 1-6, 2-5, 3-4 మూడు జతలు. ఎనిమిదికి 2-6, 3-5, 4-4, అవీ మూడే. ఇద్దరికీ సమానం."

(అ) మొత్తం ఏడు పడే సంభావ్యత ఎంత? (ఆ) తమ్ముడి మాట సరైనదేనా?

సాధన

రెండు పాచికల్లోనూ ఆరు ముఖాలకీ సమాన అవకాశం ఉందనీ, ఒకదాని మీద పడిన అంకె రెండోదాన్ని ఏ విధంగానూ మార్చదనీ అనుకుంటున్నాం. ఈ మాట సాధనలో మొదటి వాక్యంగా రాయండి. ఇది లేకపోతే కింద వచ్చే భాగహారానికి ఆధారం లేదు.

ప్రతి పర్యవసానాన్నీ (ఎర్ర పాచిక, తెల్ల పాచిక) అనే వరసలోనే రాస్తాం. వరస మధ్యలో మార్చకూడదు. ఎర్ర పాచిక మీద 1 ఉంచి తెల్లదాన్ని 1 నుంచి 6 దాకా నడిపించాలి, తర్వాత ఎర్రదాన్ని 2 చేసి మళ్లీ మొదటి నుంచి. గుర్తొచ్చిన జతల్ని గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకటి జారిపోతుంది, ఇంకొకటి రెండుసార్లు పడుతుంది.

```
(1,1) (1,2) (1,3) (1,4) (1,5) (1,6)
(2,1) (2,2) (2,3) (2,4) (2,5) (2,6)
(3,1) (3,2) (3,3) (3,4) (3,5) (3,6)
(4,1) (4,2) (4,3) (4,4) (4,5) (4,6)
(5,1) (5,2) (5,3) (5,4) (5,5) (5,6)
(6,1) (6,2) (6,3) (6,4) (6,5) (6,6)
```

వరసకి 6 చొప్పున 6 వరసలు, మొత్తం 36 పర్యవసానాలు. ఎర్రదాని మీద ఏ అంకె పడినా తెల్లదానికి ఆరు దారులూ తెరిచే ఉంటాయి కాబట్టి ఈ ముప్పై ఆరూ సమసంభవాలు. ఒక్కోదాని సంభావ్యత 1/36.

మొత్తం ఏడు వచ్చేవి: (1,6), (2,5), (3,4), (4,3), (5,2), (6,1). పట్టికలో కుడివైపు పై మూల నుంచి ఎడమవైపు కింది మూలకి ఏటవాలుగా ఒకే గీత మీద ఉంటాయి. వరసకి ఒక్కటి, అంతకంటే ఎక్కువా లేదు, తక్కువా లేదు. అనుకూల పర్యవసానాలు 6.

P(మొత్తం 7) = 6/36 = 1/6

ఎనిమిదికి (2,6), (3,5), (4,4), (5,3), (6,2). ఇవి అయిదు. P(మొత్తం 8) = 5/36. కాబట్టి తమ్ముడి మాట తప్పు, పందెం అక్కవైపు మొగ్గుతోంది. ఏడో ఎనిమిదో పడే సందర్భాలు 11 అయితే వాటిలో 6 అక్కవి, 5 తమ్ముడివి.

తమ్ముడి లెక్క ఎక్కడ తప్పింది

అతను 3-4 అని ఒక్కసారే రాశాడు. ఎర్రది 3, తెల్లది 4 పడడం ఒక సంఘటన. ఎర్రది 4, తెల్లది 3 పడడం వేరే సంఘటన. 4-4కి మాత్రం ఇలా తిరగేసిన జత లేదు, ఎర్రది 4, తెల్లది 4 అయితేనే పడుతుంది. అంటే అతని జాబితాలో 3-4 విలువ 2/36, 4-4 విలువ 1/36. సమానం కానివాటిని సమానమని లెక్కపెట్టాడు.

"రెండు పాచికలూ ఒకే రంగువైతే?" అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. రంగు మన కంటికోసం, పాచికకి తన రంగు తెలియదు. రెండూ తెల్లవైతే ఒకదాని మూల మీద పెన్నుతో చిన్న చుక్క పెట్టి వేసి చూడండి, చుక్క పెట్టినందుకు ఏడు పడే అవకాశం పెరగదు, తరగదు. ఒకే పాచికని రెండుసార్లు వేసినా ఇదే లెక్క: మొదటిసారి పడినది ఎర్రదాని స్థానం, రెండోసారి పడినది తెల్లదాని స్థానం.

తిరగేసిన జతల్ని కలిపేస్తే 36 కాస్తా 21 అవుతుంది (15 వేర్వేరు అంకెల జతలు, 6 జంట అంకెలు). అందులో ఏడువి 3. జవాబు 3/21 = 1/7 వస్తుంది. 1/6కి దగ్గరగా ఉండడంతో సరిగ్గానే వచ్చిందనిపిస్తుంది, ప్రమాదం అక్కడే. ఇంకో తప్పు 1/11. మొత్తాలు 2 నుంచి 12 దాకా పదకొండు, అందులో ఏడు ఒకటి అని. పదకొండు మొత్తాలు ఉన్నమాట నిజమే, అవి సమసంభవాలు మాత్రం కావు. 12 పడడానికి (6,6) ఒక్కటే దారి.

ఈ పొరపాటు చేసినవాళ్లు చిన్నవాళ్లేం కారు. కలన గణితాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన లైబ్నిజ్, రెండు పాచికలతో 11, 12 పడే అవకాశం సమానమని రాశాడు. (5,6), (6,5) వేర్వేరు కాబట్టి 11కి అవకాశం రెట్టింపు. గెలీలియో ముందుకు వచ్చిన చిక్కు మూడు పాచికలది: 9కీ 10కీ ఆరేసి కలయికలే ఉన్నా, ఆటలో 10 కాస్త ఎక్కువగా పడుతోంది, ఎందుకు? వరస కూడా లెక్కలోకి తీసుకుంటే 216 పర్యవసానాల్లో 9కి 25, 10కి 27 వస్తాయని ఆయన చూపించాడు. తమ్ముడి పందెంలో ఉన్న చిక్కు కూడా సరిగ్గా ఇదే.

జవాబు సరిచూసుకోవడం

అన్ని మొత్తాలకీ జతలు లెక్కపెట్టండి. 2 నుంచి 12 దాకా వరసగా: 1, 2, 3, 4, 5, 6, 5, 4, 3, 2, 1. కూడితే 36 రావాలి. 35 వస్తే జత ఒకటి వదిలేశారు, 37 వస్తే ఏదో రెండుసార్లు పడింది. చాలావరకూ (4,4) లాంటి జంట అంకెనే తిరగేసి మళ్లీ రాసి ఉంటారు. మొత్తం ఏడులో ఈ పొరపాటుకి చోటు లేదు, ఏడు బేసి సంఖ్య కాబట్టి జంట అంకెలతో రాదు. 6, 8, 10 అడిగినప్పుడు జాగ్రత్త.

పరీక్షలో టైము చాలదనిపిస్తే ముప్పై ఆరూ రాయనక్కర్లేదు. "6 × 6 = 36 పర్యవసానాలు, సమసంభవాలు" అని రాసి, అనుకూలమైన ఆరు జతలు మాత్రం తప్పకుండా విడివిడిగా చూపండి. 6/36 దగ్గర ఆగకుండా 1/6 దాకా తీసుకెళ్లండి.

ఏడు ప్రత్యేకత

మామూలు పాచికలో ఎదురెదురు ముఖాల మొత్తం 7: 1 కింద 6, 2 కింద 5, 3 కింద 4. అంటే ఎర్ర పాచిక పడ్డాక దాన్ని ఎత్తి అడుగున ఉన్న అంకె చూస్తే, తెల్లదాని మీద ఏం పడాలో తెలిసిపోతుంది. ఎర్రదాని మీద ఏదున్నా తెల్లదానికి కావలసిన ముఖం సరిగ్గా ఒక్కటే, దాని అవకాశం 1/6. పట్టిక లేకుండానే జవాబు వచ్చేసింది. మిగతా ఏ మొత్తానికీ ఈ సుఖం లేదు. ఎనిమిది కావాలంటే ఎర్రదాని మీద 1 పడగానే ఆట అయిపోయినట్టే, తెల్లదానిలో 7 లేదు.

దీంట్లోంచి ఇంకొకటి కూడా వస్తుంది. ఎర్ర పాచికలో ఎవరో సీసం పోసి, అది సగం సార్లు 6 మీదే పడేలా చేశారనుకోండి. తెల్లది మంచిదే. అయినా ఏడు పడే సంభావ్యత 1/6 గానే ఉంటుంది! ఎర్రది 6 చూపినా, 2 చూపినా తెల్లదాని నుంచి కావలసింది ఒక్క ముఖమే. మోసం జరిగిందని ఏడుని చూసి పట్టుకోలేం, 12 ఎక్కువగా పడుతోందా అని చూడాలి. రెండు పాచికలూ అలాంటివే అయితే మాత్రం మారిపోతుంది. రెండింటికీ 6 అవకాశం 1/2, మిగతా ముఖాలకి తలా 1/10 అయితే: 1-6 రకం జతలకి 2 × 1/20 = 0.10, మిగతా నాలుగు జతలకి 4 × 1/100 = 0.04. మొత్తం 0.14. 1/6 అంటే దాదాపు 0.167 కాబట్టి ఏడు తగ్గింది.

వేసి చూసేవాళ్లకి

36 సార్లు వేస్తే సగటున 6 ఏడులు రావాలి. కచ్చితంగా 6 రావడానికి అవకాశం దాదాపు 0.18 మాత్రమే. నాలుగో ఎనిమిదో వస్తే లెక్క తప్పని గుంజిళ్లు తీయక్కర్లేదు. వరసగా 12 సార్లు ఏడు పడకపోవడం కూడా (5/6)¹², అంటే 0.11 పైచిలుకు, అంత అరుదేం కాదు. "ఇంతసేపు పడలేదు, ఇక పడి తీరాలి" అనుకోవద్దు. పదమూడోసారి కూడా 1/6 మాత్రమే.

దీపావళి రాత్రి కొన్ని ఇళ్లలో ఆడే ఏడు పైన, ఏడు కింద ఆటకీ ఇదే పట్టిక. ఏడు కంటే తక్కువకి 1 + 2 + 3 + 4 + 5 = 15, ఎక్కువకి 15, ఏడుకి 6. పైనా కిందా వేసినవాళ్లకి రెండింతలు, ఏడు మీద వేసినవాళ్లకి మూడింతలు ఇస్తారనుకుందాం. ఆటకి 10 రూపాయల చొప్పున 36 ఆటల్లో పెట్టేది 360. సగటున 'పైన' మీద తిరిగి వచ్చేది 15 × 20 = 300, ఏడు మీద 6 × 30 = 180. మూడింతలు అని ఊరించే గడిలోనే నష్టం ఎక్కువ. ఏడు మీద సరిసమానంగా ఉండాలంటే ఆరింతలు ఇవ్వాలి.

మీరు చేయాల్సింది

1. దాయకట్టెలు దొరికాయి. ఒక్కో కట్టెకి నాలుగు ముఖాలు: 0, 1, 2, 3. రెండు కట్టెలు వేస్తే మొత్తం 3 పడే సంభావ్యత ఎంత? అన్ని జతలూ రాయండి.

2. లూడో పాచికలతో మొత్తం 7 గానీ 11 గానీ పడే సంభావ్యత?

3. తమ్ముడు ఈసారి "జంట అంకెలు పడితే నాకు, ఏడు పడితే నీకు" అన్నాడు. ఇప్పుడు పందెం సమానమేనా?

జవాబులు: 1) 16 జతల్లో (0,3), (1,2), (2,1), (3,0), కాబట్టి 4/16 = 1/4. 2) 6 + 2 = 8, కాబట్టి 8/36 = 2/9. రెండు మొత్తాలూ ఒకేసారి పడవు కనుక నేరుగా కూడాం. 3) సమానమే, రెండూ 6/36. జంట అంకెలు ఒక మూల నుంచి ఎదుటి మూలకి, ఏడులు రెండో మూల నుంచి దాని ఎదుటి మూలకి, పట్టికలో ఎక్కడా ఒకే గడిలో కలుసుకోవు.