విషయం: ఆరు నెలల పనితీరుపై మీతో మాట్లాడేందుకు సమయం కోరుతూ

తేదీ: 7 అక్టోబరు 2025

పాల సేకరణ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం సర్.

ఏప్రిల్‌లో మన శీతలీకరణ కేంద్రం పరిధిలోని మూడు రూట్లు, 22 సేకరణ కేంద్రాలు నాకు అప్పగించారు. సెప్టెంబరుతో ఆరు నెలలు నిండాయి. నా పని ఎలా ఉందో మీ నోటి నుంచి వినాలని ఉంది. లోపాలు మార్చి సమీక్షలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. ఇప్పుడే తెలిస్తే దిద్దుకోవడానికి ఇంకా ఆరు నెలలు ఉన్నాయి. అందుకే ఒక ముప్పావుగంట సమయం ఇవ్వమని కోరుతున్నాను. ఈలోగా నా పనిని నేను ఎలా చూస్తున్నానో ముందుగా రాస్తున్నాను.

మీరు నిర్దేశించిన లక్ష్యం మార్చి నాటికి రోజుకు 6,600 లీటర్లు. ఏప్రిల్ సగటు 5,850. ఎండలకు, పచ్చిమేత కొరతకు జూన్‌లో 5,100కు పడిపోయింది. వానలు పడ్డాక, గేదెలు ఈనడం మొదలయ్యాక సెప్టెంబరులో 6,180కి చేరింది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం కాలం ఇచ్చిందే. నా కృషిగా చెప్పుకోదగ్గది కొత్తగా పాలు పోస్తున్న 31 మంది రైతులు మాత్రమే.

నాకు నిజంగా తృప్తినిచ్చిన పని మూడో రూటులో జరిగింది. ఏప్రిల్‌లో ఆ ఒక్క రూటులోనే 1,140 లీటర్లు పులిసి తిరస్కరణకు గురయ్యాయి. తప్పు రైతులదని అందరం అనుకున్నాం. మూడు రోజులు పాల వ్యానులో కూర్చుని తిరిగితే కారణం కనిపించింది. వ్యాను దగ్గరి ఊళ్ల క్యాన్లను ముందే ఎక్కించుకుని, చివరి ఊరి దాకా వెళ్లి, తిరిగి వస్తోంది. కేంద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పోసిన పాలు మూడున్నర గంటలు ఎండలో తిరుగుతున్నాయి. మే రెండో వారం నుంచి వ్యానును ఖాళీగా చివరి ఊరికి పంపి, వచ్చేటప్పుడు పాలు ఎక్కించే పద్ధతి పెట్టాను. క్యాన్లను వేడినీళ్లు, వాషింగ్ సోడాతో కడిగించాను. సెప్టెంబరులో తిరస్కరించిన పాలు 210 లీటర్లు. అవి కూడా ఎక్కువగా సాయంత్రం పాలే. వాటి సంగతి ఇంకా తేలలేదు.

జూలైలో జరిగినది మాత్రం నా పొరపాటే. రెండు కేంద్రాల రైతులు వెన్న శాతం తక్కువ చూపిస్తోందని చెప్పినప్పుడు, ఏటా వినిపించే ఫిర్యాదే అనుకున్నాను. పదకొండు రోజుల తర్వాత గెర్బర్ పరీక్షతో పోల్చి చూస్తే మన యంత్రం 0.3 తక్కువ చూపిస్తోంది. రోజుకు ఎనిమిది లీటర్ల గేదె పాలు పోసే ఇంటికి, లీటరుకు ఒక్కో శాతానికి 8 రూపాయల మన రేటు ప్రకారం, పది రోజుల బిల్లులో దాదాపు 190 రూపాయలు కోత పడింది. 38 మంది పోయడం మానేశారు. ఇంటింటికీ వెళ్లి క్షమాపణ చెప్పాక 26 మంది తిరిగి వచ్చారు. ఇప్పుడు ప్రతి సోమవారం ఒక్కో రూటులో యంత్రాలను సరిచూస్తున్నాం. తేడా సొమ్ము చెల్లింపు ఫైలు ఇంకా అకౌంట్స్‌లోనే ఉంది. దానిపై మీ సహాయం కావాలి. ఆ డబ్బు చేతికి అందకపోతే రైతులకు నేనిచ్చిన మాట నిలబడదు.

మీ నుంచి ముఖ్యంగా తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. నేను తొలి మూడు నెలలు పరిమాణం కంటే నాణ్యత మీదే ఎక్కువ కాలం వెచ్చించాను. తీసుకున్న పాలు పారబోస్తూ కొత్త రైతులను పిలవడం సరికాదని నా నమ్మకం. మీ లెక్కలో అది సరైన నిర్ణయమేనా, లక్ష్యానికి దూరం చేసిందా? ఆగస్టు సమావేశంలో నేను కేంద్రాల కార్యదర్శులతో కొంత కటువుగా మాట్లాడుతున్నానని అన్నారు. ఏ సందర్భాల్లో అలా అనిపించిందో చెబితే మార్చుకుంటాను. అలాగే, వచ్చే ఏడాది రెండో శీతలీకరణ కేంద్రం బాధ్యత కూడా చూడాలన్న కోరిక నాకుంది. దానికి నాలో ఇంకా ఏం లోటుందో దాచకుండా చెప్పండి.

అక్టోబరు 14 మంగళవారం గానీ, 16 గురువారం గానీ మధ్యాహ్నం 2 గంటలకు వీలవుతుందా? అప్పటికి ఉదయం ట్యాంకరు వెళ్లిపోతుంది, సాయంత్రం పాలు రావడానికి వ్యవధి ఉంటుంది. 20న దీపావళి కాబట్టి ఆ వారం మీకు గానీ నాకు గానీ తీరిక దొరకదు. రూటువారీ లెక్కలు, తిరస్కరణ రిజిస్టరు వెంట తెస్తాను.

ఇట్లు,
సునీత
పాల సేకరణ సూపర్‌వైజర్