మా ఇంటి కేకుల్లో ఏమేమి ఉంటాయి, ఎవరికి ఏది పడకపోవచ్చు

శ్రీకాకుళం, అరసవల్లి రోడ్డు వెనుక వీధి, పచ్చ గేటు మేడ, పై వాటా
డిసెంబరు 1 నుంచి నేను ఇచ్చే ప్రతి కేకుకూ ఇది వర్తిస్తుంది.

మన వీధిలోని వారందరికీ నమస్కారం. నా దగ్గర కేకు తీసుకునే ప్రతి ఇంటికీ ఈ కాగితం ఇస్తున్నాను. ఫ్రిజ్ తలుపుకో వంటింటి గోడకో అంటించుకోండి. కేకు పెట్టె మీద ఉండే చీటీలో ఇదే క్లుప్తంగా ఉంటుంది. రెండింటికీ తేడా కనిపిస్తే తినకముందే నన్ను అడగండి.

నిరుడు ఎదురింటి పాప పుట్టినరోజుకు సాదా వెనిలా కేకు చేశాను. పాపకు జీడిపప్పు పడదని వాళ్ల అమ్మ ముందే చెప్పింది. నేను వేయలేదు కూడా. అయినా రెండు ముక్కలు తిన్న కాసేపటికి పాప పెదవులు వాచాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు, తగ్గింది. ఆ రాత్రి మిక్సీ జార్ మూత విప్పి చూశాను. రబ్బరు చుట్టు కింద, ముందురోజు బర్ఫీకి కొట్టిన జీడిపప్పు పొడి తెల్లగా పేరుకుని ఉంది. కేకుకు పంచదార పొడి చేసింది ఆ జార్‌లోనే. తప్పు పూర్తిగా నాది. జార్ కడిగాననే అనుకున్నాను కానీ రబ్బరు తీసి కడగలేదు. అప్పటి నుంచి పంచదారకు వేరే జార్ పెట్టాను. అయినా ఒకే వంటిల్లు కాబట్టి "అస్సలు అంటదు" అని ఎవరికీ మాట ఇవ్వను.

దినుసులను బరువు ప్రకారం రాస్తున్నాను. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. కొనుక్కొచ్చిన దినుసులో ఏమున్నదీ దాని పక్కనే బ్రాకెట్లో ఉంటుంది.

సాదా వెనిలా కేకు, అర కిలో (గోధుమరంగు త్రిభుజం గుర్తు: గుడ్డు ఉంది)
మైదా, మూడు కోడిగుడ్లు, పంచదార, వెన్న, పాలు, బేకింగ్ పౌడర్, వెనిలా ఎసెన్స్, ఉప్పు.
ఉన్నవి: గోధుమ (గ్లూటెన్), గుడ్డు, పాలు. అంటి ఉండవచ్చు: జీడిపప్పు, బాదం, సోయా.

గుడ్డు లేని చాక్లెట్ కేకు, అర కిలో (ఆకుపచ్చ చుక్క గుర్తు)
కండెన్స్‌డ్ మిల్క్ (పాలు, పంచదార), మైదా, పాలు, వెన్న, డార్క్ కాంపౌండ్ చాక్లెట్ (పంచదార, హైడ్రోజనేటెడ్ వంటనూనె, కోకో, సోయా లెసిథిన్ ఐఎన్ఎస్ 322), కోకో పొడి, బేకింగ్ పౌడర్, వంట సోడా, వెనిగర్.
ఉన్నవి: గోధుమ (గ్లూటెన్), పాలు, సోయా. అంటి ఉండవచ్చు: గుడ్డు, జీడిపప్పు, బాదం.

దీని గిన్నె, బీటర్, టిన్ను వేరుగా ఉంచుతాను. ఓవెన్ మాత్రం ఒక్కటే. కార్తీక మాసం నియమం ఉన్నవారికి, ఆదివారం గుడ్డు ముట్టనివారికి ఆ జాగ్రత్త చాలనుకుంటే తీసుకోండి. గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు మాత్రం అది చాలదు. వారికి కావాలంటే నాలుగు రోజుల ముందు చెప్పండి. గుడ్డు కేకులేవీ చేయని రోజు, వంటిల్లంతా కడిగాక, ముందుగా ఆ ఒక్క కేకే చేస్తాను.

క్రిస్మస్ డ్రైఫ్రూట్ కేకు, కిలో (గోధుమరంగు త్రిభుజం గుర్తు: గుడ్డు ఉంది)
నారింజ రసంలో నానబెట్టిన కిస్మిస్, ఖర్జూరం, మైదా, గుడ్లు, బెల్లం, వెన్న, పలాస జీడిపప్పు ముక్కలు, టూటీ ఫ్రూటీ (బొప్పాయి, పంచదార, రంగులు, సల్ఫైట్), బాదం, బేకింగ్ పౌడర్, దాల్చినచెక్క, జాజికాయ. మద్యం కలపను.
ఉన్నవి: గోధుమ (గ్లూటెన్), గుడ్డు, పాలు, జీడిపప్పు, బాదం, సల్ఫైట్. అంటి ఉండవచ్చు: సోయా.

ఉబ్బసం ఉన్నవారు సల్ఫైట్ అనే నిల్వ రసాయనం మాట గమనించండి. టూటీ ఫ్రూటీ పాకెట్ మీద అది రాసి ఉంది. ఎండు పండ్లకూ బెల్లానికీ రంగు రావడానికి అలాంటివే వాడే అలవాటు ఉంది. విడిగా కొన్న బెల్లం మీద చీటీ ఉండదు కాబట్టి నేను ముదురు రంగు బెల్లమే తెస్తాను. అయినా సల్ఫైట్ లేదని రాయను.

రాగి బెల్లం కేకు, అర కిలో (ఆకుపచ్చ చుక్క గుర్తు)
బెల్లం, రాగి పిండి, పెరుగు, గోధుమ పిండి, పొద్దుతిరుగుడు నూనె, బేకింగ్ పౌడర్, వంట సోడా, యాలకులు.
ఉన్నవి: గోధుమ (గ్లూటెన్), పాలు, సల్ఫైట్ (బెల్లంలో ఉండవచ్చు). అంటి ఉండవచ్చు: గుడ్డు, జీడిపప్పు, బాదం, సోయా.

రాగుల్లో గ్లూటెన్ లేదని చాలామంది దీన్ని అడుగుతున్నారు. రాగుల్లో లేని మాట నిజమే. కానీ ఈ కేకు విరిగిపోకుండా గోధుమ పిండి కలుపుతాను. అది మానేసినా, మన పిండి మరలో గోధుమలు పట్టిన రాళ్ల మీదే రాగులూ పడతాయి. సీలియాక్ జబ్బు ఉన్నవారు నా కేకుల్లో ఏదీ తినవద్దు.

పై కేకుల్లో దేనికైనా క్రీమ్ వేయమంటే మరో మాట. నేను కొనే విప్పింగ్ క్రీమ్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో పాలు లేనిది అన్నట్టు ఉంటుంది. వెనుక చిన్న అక్షరాల్లో సోడియం కేసినేట్ అని ఉంది. అది పాల నుంచి తీసిన ప్రొటీన్. అందుకే క్రీమ్ వేసిన ప్రతి పెట్టె మీదా "పాలు ఉన్నాయి" అనే రాస్తాను. పాలు తాగితే కడుపు ఉబ్బరం వచ్చేవారి సంగతి వేరు, పాల అలర్జీ సంగతి వేరు. మీది ఏదో నాకు చెప్పండి.

వేరుశనగ, దాని నూనె కేకులకు వాడను. కానీ ఇంట్లో పచ్చడికి, చట్నీకి వేరుశనగ వేయిస్తాం, సంక్రాంతికి నువ్వులు వాడతాం, చేపలు, రొయ్యలు వండుతాం. కేకు చేసే పూట వీటిలో ఏదీ పొయ్యి ఎక్కదు. వీటిలో ఏదైనా తీవ్రంగా పడనివారు ముందే చెబితే, నాకు కుదరదనిపించినప్పుడు కుదరదనే చెబుతాను. డబ్బు తీసుకున్నాక తెలిసినా మొత్తం తిరిగి ఇచ్చేస్తాను.

కేకు మీద జీడిపప్పు తీసేసి ఇస్తే సరిపోతుందని దయచేసి అనుకోవద్దు. దాని పొడి, నూనె కింద ముక్కలోకి దిగే ఉంటాయి. "కొంచెం తింటే ఏమవుతుంది" అని పక్కింటి పిల్లలకు పెట్టవద్దు. మీ ఇంట్లో తినేవారు కాక పుట్టినరోజుకు వచ్చే పిల్లల తల్లులనూ ఒక మాట అడగండి. పెట్టె మీది చీటీ చించకుండా వారికి చూపించండి.

తిన్నాక నోట్లో దురద, పెదవులు లేదా నాలుక వాపు, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, ఆయాసం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే తినడం ఆపించండి. ఊపిరి అందకపోయినా, గొంతు బిగిసినా, స్పృహ తప్పుతున్నా ఒక్క క్షణం ఆగకుండా 108కి ఫోను చేయండి. డాక్టరు ముందే అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసి ఇచ్చి ఉంటే, ఆయన చెప్పినట్టు వెంటనే ఇవ్వండి. తర్వాత నాకు కబురు పెట్టండి, అర్ధరాత్రయినా సరే. ప్రతి కేకు దినుసులూ, పాకెట్ల మీది చీటీలూ నెల రోజులు దాచి ఉంచుతాను. డాక్టరు అడిగితే వెంటనే తెచ్చి చూపిస్తాను.

పెట్టె మీద తయారు చేసిన తేదీ, ఎన్ని రోజుల్లో తినాలో, నా ఆహార రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. సాదా కేకు మూడు రోజులు, క్రీమ్ కేకు ఫ్రిజ్‌లో రెండు రోజులు, డ్రైఫ్రూట్ కేకు పది రోజులు. వెన్న బదులు మార్గరిన్ వాడవలసి వచ్చినా, చాక్లెట్ రకం మార్చినా ఆ రోజు చీటీలో మార్పు కింద గీత గీసి రాస్తాను, పెట్టె చేతికి ఇస్తూ నోటితోనూ చెబుతాను.

ఆర్డరు చెప్పేటప్పుడు మీ ఇంట్లో ఎవరికి ఏది పడదో ప్రతిసారీ చెప్పండి. కిందటిసారి చెప్పారు కదా అని నేను ఊరుకోను, అడుగుతాను.

పై వాటా కేకుల అక్క